గున్నమ్మ పేరు పడని లేబులు

భిలాయి క్యాంప్ 1లో రక్తం ఇవ్వాల్సిన పని పడితే, తెలుగువాళ్ళూ హిందీవాళ్ళూ అన్న తేడా లేకుండా జనం అడిగేది ఒక్కటే: "భాగ్యరేఖ ఉందా?" లేదంటే మర్నాడు వస్తారు. షుగరు పరీక్ష ఒకరోజు ఆలస్యమైతే కొంప మునగదు గానీ, తెలియని చేతిలో చెయ్యి పెట్టడం వాళ్ళవల్ల కాదు.

ఆవిడకి నలభైఆరేళ్ళు. మార్కెట్టు మలుపులో, మందుల దుకాణం పక్కన ఉన్న చిన్న కలెక్షన్ సెంటర్లో పన్నెండేళ్ళుగా రక్తం తీస్తోంది. గది పదడుగుల వెడల్పు. అందులో ఒక కుర్చీ, ఒక బల్ల, గిరగిరా తిరిగే సెంట్రిఫ్యూజు, చిన్న ఫ్రిజ్జు, గోడవారగా బెంచీ. తీసిన రక్తం గొట్టాల్ని పదకొండింటికి రవిశంకర్ అనే అతను మోటారు సైకిల్ మీద ఐసు పెట్టెలో పెట్టుకుని పెద్ద ల్యాబుకి పట్టుకెళతాడు. సాయంత్రానికి రిపోర్టులు ఫోనులోకి వచ్చేస్తాయి.

భాగ్యరేఖకి రెండు పట్టింపులున్నాయి. మొదటిది, ఒక మనిషిని రెండుసార్లు పొడవకూడదు. సూది పెట్టేముందు వేలితో నరాన్ని అంత సేపు వెతుకుతుంది, తొందరున్నవాళ్ళు విసుక్కునేంత సేపు. రెండోది, గొట్టం మీద లేబులు అంటించేముందు ఎదుట కూర్చున్న మనిషిని పేరు అడగడం. పక్కింటి మనిషైనా సరే, కళ్ళజోడు సవరించుకుని "మీ పేరు చెప్పండి" అంటుంది. "ఏటే, నన్నెరగవా?" అని కసురుకున్న వాళ్ళున్నారు. ఎరిగినవాళ్ళ విషయంలోనే పొరపాట్లు జరుగుతాయని ఆవిడ నమ్మకం. ఆ మాట నిజమే కూడా.

ఈ పట్టింపులు తండ్రి దగ్గర్నుంచి వచ్చినవే. నూకరాజు పలాస వైపు నుంచి వచ్చి భిలాయి ఉక్కు ప్లాంటులో ఫిట్టరుగా ముప్పైరెండేళ్ళు చేశాడు. చదువు అయిదో తరగతి. ఏటా సెప్టెంబరు పదిహేడున విశ్వకర్మ పూజనాడు ఇంట్లో పనిముట్లన్నీ చాప మీద పరిచేవాడు: స్పానర్లు, సుత్తి, భార్య కుట్టుమిషను, గుమ్మంలో సైకిలు. కుంకుమ గిన్నె మాత్రం కూతురి చేతికిచ్చేవాడు. "పైపైన పెట్టీకే అమ్మా. ఎక్కడ పని జరుగుతాదో సూసి అక్కడ ఎట్టు," అనేవాడు. పిల్ల కుట్టుమిషనుకి సూది పక్కన, సైకిలుకి పళ్ళచక్రం మీద, సుత్తికి దెబ్బ తగిలే మొహం మీద బొట్టు పెట్టేది. తండ్రి పోయి తొమ్మిదేళ్ళైంది. కుంకుమ గిన్నె ఇప్పుడు సెంటర్లోనే, బల్ల సొరుగులో ఉంటుంది.

ఆ సంవత్సరం సెంటర్లో ఒక కొత్త మిషను చేరింది. లేబుళ్ళు కొట్టే ప్రింటరు. పెద్ద ల్యాబువాళ్ళు జూలై నుంచి చేతిరాత లేబుళ్ళు ఒప్పుకోమన్నారు. ప్రతి గొట్టం మీదా గీతల బార్‌కోడ్ ఉండాలి, అక్కడి యంత్రం అదే చదువుతుంది. ప్రింటరు రెండు నెలలూ బుద్ధిగా పనిచేసింది. పూజనాటి సాయంత్రం భాగ్యరేఖ సెంట్రిఫ్యూజుకీ, ఫ్రిజ్జుకీ బొట్టు పెట్టి, ప్రింటరులో లేబుళ్ళ పాత చుట్ట అయిపోవచ్చిందని తీసేసి, ప్రింటరుకీ బొట్టు పెట్టి, కొత్త చుట్ట ఎక్కించి, కొబ్బరికాయ కొట్టి ఇంటికెళ్ళింది.

మర్నాడు పొద్దున్నించీ దానికి పిచ్చి పట్టింది.

ఒక లేబులు కొడితే రెండు ఖాళీవి బయటికి నెట్టేది. మరోసారి పేరు ఒక లేబులు మీదా, బార్‌కోడ్ పక్క లేబులు మీదా పడేది. ఒక్కోసారి అయిదారు తెల్లకాగితాలు వరసగా వదిలి, ఎర్రదీపం వెలిగించుకుని మొండికేసేది. పనంతా ఆగి, బెంచీ నిండిపోయి, రవిశంకర్ గుమ్మంలో నిలబడి హారను కొడుతుంటే, భాగ్యరేఖ సగం సగం పడ్డ లేబుళ్ళనే అంటించి, మిగతాది పెన్నుతో రాసి పంపేసింది. అలా పంపిన వాటిలో గున్నమ్మవి మూడు గొట్టాలు.

గున్నమ్మకి డెబ్భై ఎనిమిది. క్యాంపులో రెండు సందుల అవతల మనవరాలి దగ్గర ఉంటుంది. కాళ్ళు వాచాయి, కిడ్నీ పరీక్ష చూస్తేగానీ మందు మార్చనన్నాడు డాక్టరు. ముసలావిడ చేతిలో నరాలు దారప్పోగుల్లా ఉంటాయి, వేలికి దొరికినట్టే దొరికి పక్కకి జారిపోతాయి. ఆ రోజు మొదటి సూదికి రక్తం రాలేదు. రెండోసారి మోచేతి పక్కన పొడిస్తేగానీ పని కాలేదు. గున్నమ్మ ఏడవలేదు, పెదవులు బిగబట్టుకుని గోడకేసి చూసింది. ఏడిచినా బాగుండేదనిపించింది భాగ్యరేఖకి.

"అయిపోయింది పెద్దమ్మా. ఇంక పొడవను," అంది చెయ్యి నిమురుతూ.

సాయంత్రం ఆరింటికి పెద్ద ల్యాబు నుంచి ఫోనులో కబురొచ్చింది. బార్‌కోడ్ చదవలేకపోయామనీ, ఆ గొట్టాలు ఎవరివో నిర్ధారించలేమనీ, మళ్ళీ రక్తం తీసి పంపమనీ. వాళ్ళని తిట్టడానికి లేదు. పేరు సరిగ్గా లేని రక్తాన్ని పరీక్ష చెయ్యకపోవడమే న్యాయం. భాగ్యరేఖ ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని కెలికి లేచింది. తను సగం లేబుళ్ళు అంటించి పంపినందుకు ముసలమ్మ చెయ్యి శిక్ష అనుభవించాలి.

మర్నాడు ఏడున్నరకే వచ్చి సెంటరు తెరిచింది. గున్నమ్మని మనవరాలు పదింటికి తీసుకొస్తానంది. రవిశంకర్ పదకొండింటికి వస్తాడు. ఈలోగా లేబులు సరిగ్గా పడాలి. పడకపోతే ఏం చెయ్యాలో కూడా అప్పటికే తేల్చుకుంది: లేబులు చేతిలో పట్టుకుంటే తప్ప ఆవిడ చేతికి సూది పెట్టేది లేదు, వెనక్కి పంపేస్తుంది. కానీ ఆ వాచిన కాళ్ళతో వెనక్కి వెళ్ళిన మనిషి మళ్ళీ వస్తుందా?

ప్రింటరు అమ్మిన దుకాణానికి ఫోను చేస్తే, "దీదీ, రోల్ ఖరాబ్ హోగా, సోమవారం మనిషిని పంపిస్తాం," అన్నాడు. అది శనివారం.

మొదట వచ్చింది తిరుమలరావు. ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గా రిటైరైన మనిషి. మూడు నెలలకోసారి పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకి మరోసారి షుగరుకి రక్తమిస్తాడు. పరగడుపు రక్తానికి లేబులు కొట్టడానికి భాగ్యరేఖ పదకొండు కాగితాలు తగలేసింది. పన్నెండోది పూర్తిగా పడింది. ఆయన డబ్బాలో తెచ్చుకున్న ఇడ్లీలు బెంచీ మీద కూర్చుని తిని, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. చేతినిండా రెండు గంటల ఖాళీ. ఎదురుగా పనిచెయ్యని మిషను. ముప్పైఅయిదేళ్ళు మీటర్లతో బతికిన మనిషి అక్కడ ఊరికే కూర్చుంటాడా?

"ఏటమ్మా దాని బాధ?" అన్నాడు.

"రోలు బాగోలేదట బాబాయ్."

"ఎవులన్నారు?"

"దుకాణం వాడు. ఫోన్లోనే."

"ఫోన్లో సూసి సెప్పీసేడా? గొప్ప డాక్టరే. మూత తియ్యి, సూద్దాం."

మూత తీశాడు. తీసి, నవ్వాడు గానీ ఎగతాళిగా కాదు. చుట్ట దాని కడ్డీ మీద వదులుగా, ఒక పక్కకి జరిగి ఉంది. చుట్టకి రెండు పక్కలా ఆనుకుని ఉండాల్సిన గైడ్లు ఎక్కడో దూరంగా ఉన్నాయి. పాత చుట్ట కాస్త వెడల్పు, కొత్తది సన్నం. గైడ్లని దగ్గరికి జరపాలని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. కాగితం లోపల కుడికీ ఎడమకీ ఊగుతూ వంకరగా నడుస్తోంది.

"ముందిది సరిజెయ్యి. గోరుతో ఓపాలి గీకు కాగితాన్ని."

గీకింది. నల్లగా గీత పడింది.

"అద్దీ. నల్లబడే మొగమే పైకుండాల. ఈ రకం మిషనుకి సిరా గట్రా ఉండవు, వేడికి కాగితమే నల్లబడతాది. అది నువ్వు సరిగ్గానే పెట్టేవు. ఇప్పుడు గైడ్లు రెండేపులా కాగితాన్ని తాకీలాగ జరుపు. నొక్కీకు, తాకితే సాలు. కాగితం గైడ్ల కింద నుంచి తిన్నగా రావాల."

భాగ్యరేఖ అలాగే చేసి మూత మూసి, ఫీడ్ బటను నొక్కింది. కాగితం ఈసారి తిన్నగా వచ్చింది. వచ్చింది, వచ్చింది, ఆగకుండా వచ్చింది. నాలుగు ఖాళీ లేబుళ్ళు వదిలి ఎర్రదీపం వెలిగించుకుంది. తొమ్మిదింబావు.

"సరే, క్యాలిబ్రేషన్ సెయ్యాల," అన్నాడు తిరుమలరావు. ఇది ఆయన ఉద్యోగంలో రోజూ వాడిన మాట, చెబుతుంటే మొహం కళకళలాడింది. "లేబులికీ లేబులికీ నడుమ రవ్వంత సందుంది, సూసేవా? ఆ సందులో అడుగు కాగితం ఒక్కటే. లేబులున్న సోట రెండు పొరలు. లోపలొక కన్నుంటాది. ఓ పక్క నుంచి దీపం ఏస్తే, కాగితంలోంచి ఎంత వెలుగు దిగిందో అవతల పక్క సూస్తాది. ఒంటిపొర కాడ ఎక్కువ దిగుతాది, 'ఓహో, లేబులు అయిపోనాది, ఇక్కడ ఆగాల' అనుకుంటాది. కొత్త కాగితం ఎక్కించినప్పుడు ఎంత వెలుగు సందో, ఎంత వెలుగు లేబులో దానికి మళ్ళీ నేర్పాల. అదే క్యాలిబ్రేషన్."

సొరుగులో మిషనుతో వచ్చిన కాగితం ఉంది. అందులో హిందీలో చెప్పినట్టు, స్విచ్చి ఆపి, ఫీడ్ బటను నొక్కిపట్టుకుని స్విచ్చి వేసి, దీపం రంగు మారాక వదిలింది. మిషను తనంతట తాను కాగితం నడిపించి కొలుచుకోవాలి. నడిపించింది. మూరెడు ఖాళీ కాగితం గుమ్మరించింది. మళ్ళీ ఎర్రదీపం.

రెండోసారి. ఎర్రదీపం.

బెంచీ మీద మరో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. భాగ్యరేఖకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "వదిలేద్దాం బాబాయ్. పెద్దమ్మని ఎనక్కి పంపేస్తాను. నాకింక ఆవిడ మొగం చూసే ధైర్యం లేదు."

తిరుమలరావు కింద పడ్డ ఖాళీ కాగితాన్ని తీసి, కళ్ళకి దగ్గరగా పట్టుకుని ముందువైపు చూశాడు, తిప్పి వెనకవైపు చూశాడు. కాగితం వెనకాల, ఒకే వరసలో, సన్నగా ఎర్రని చార ఉంది.

"ఇదేటమ్మా ఎరుపు?"

"అది రోలుతోనే వచ్చింది గావాల. నిన్నట్నించీ ఉంది."

"రోలుతో వస్తే సుట్టలోపల కూడా ఉండాల గదా." చుట్ట నుంచి ఒక జానెడు విప్పి చూశాడు. తెల్లగా ఉంది. ఆయన గొంతు తగ్గించి, "మొన్న పూజ సేసేవా, బేటీ?" అన్నాడు.

భాగ్యరేఖకి అర్థమైంది. ఒంట్లో రక్తమంతా మొహంలోకి వచ్చినట్టైంది. పూజనాడు మూత తీసి చూసింది. మూతకి ఉన్న అచ్చు కడ్డీని ముట్టుకోవద్దని దుకాణం వాడు చెప్పాడు, అది గుర్తుంది. ఎక్కడ పని జరుగుతుందో అక్కడ పెట్టమని నాన్న చెప్పాడు, అదీ గుర్తుంది. కాగితం నడిచే దారిలో నల్లటి చిన్న కిటికీలాంటిది, బొట్టు పెట్టడానికే చేసినట్టు గుండ్రంగా కనిపించింది. కుంకుమ తడిపి, ఉంగరపు వేలితో, అక్కడ పెట్టింది.

"దాని కంట్లో పెట్టేశాను," అంది.

తిరుమలరావు నవ్వుతాడనుకుంది. ఆయన నవ్వలేదు. "నేనూ పెట్టేనమ్మా. ఉద్యోగం రాకముందు, ఓ ప్రైవేటు షెడ్డులో పన్జేసీవోణ్ణి. అక్కడ కోతమిషనుకి ఇలాటి కన్నే ఉండీది. పూజనాడు గంధం, కుంకుమ దిట్టంగా పెట్టీసేను. మర్నాడు పూటంతా పని ఆగిపోయింది. ఎవులు పెట్టేరని అడిగితే నోరిప్పలేదు. నువ్వు నయం, ఎంటనే ఒప్పుకున్నావు."

స్పిరిట్ దూదికి ఆ గదిలో కరువేమిటి? ప్రింటరు స్విచ్చి ఆపి, భాగ్యరేఖ దూది తీసింది. తీసి, చెయ్యి ఆగిపోయింది. బొట్టు సగం చెరిగి, పొడి చుట్టూ రాలి ఉంది. పెట్టిన బొట్టు తన చేత్తో ఎప్పుడూ చెరపలేదు. చాప మీద పనిముట్లూ, వాటి పక్కన గొంతుక్కూర్చున్న నాన్నా కళ్ళముందు కదిలారు.

"మీ నాన్న నాకు తెలుసు," అన్నాడు తిరుమలరావు. "నూకరాజన్న ఏ పనిముట్టుకీ దుమ్ముండనిచ్చీవోడు కాదు. ఆయనే గానీ ఉంటే ఈపాటికి తుడిసీసి, 'మూత మీద పెట్టమ్మా' అనీవోడు."

ఆవిడ తుడిచింది. దూది ఎర్రబడింది, ఇంకో దూది తీసింది, కాగితం దారంతా, కింది కిటికీ, మూతలో దానికి ఎదురుగా ఉన్న పై కిటికీ. ఎవరి మోచేతి మీదైనా సూదికి ముందు తుడిచినంత మెత్తగా తుడిచింది. స్పిరిట్ ఆరేదాకా ఇద్దరూ ఎదురుచూశారు. మళ్ళీ చుట్ట, గైడ్లు, మూత. స్విచ్చి, బటను, దీపం.

మిషను నాలుగు లేబుళ్ళు నడిపించి, టక్కున ఆగింది. పచ్చదీపం.

ఫీడ్ నొక్కింది. ఒక్క లేబులు వచ్చి, సరిగ్గా చింపే అంచు దగ్గర ఆగింది. మళ్ళీ నొక్కింది. ఒక్కటే. పదిసార్లు నొక్కింది, చూసుకునే ఆనందానికి. "చాల్లే, కాగితం దండగ," అన్నాడు తిరుమలరావు. ఆయన మీసాలు మాత్రం నవ్వుతున్నాయి.

పదింటికి గున్నమ్మ వచ్చింది, మనవరాలి భుజం పట్టుకుని. కుర్చీలో కూర్చుని, నిన్న పొడిచిన చెయ్యి చూపించింది. రూపాయి బిళ్ళంత నల్లగా కమిలి ఉంది.

"ఏటే పిల్లా, నిన్న అయిపోయిందన్నావు గదా?"

భాగ్యరేఖ ఆవిడ మోకాళ్ళ దగ్గర నేలమీద కూర్చుంది. "తప్పు నాదే పెద్దమ్మా. మిషను కంట్లో నేనే కుంకుమ పెట్టీసేను, అందుకే లేబులు పడలేదు. నీ రక్తం మీద నీ పేరు లేకపోతే వాళ్ళు తిప్పికొట్టీసేరు."

"మిషనుకి బొట్టు పెట్టడం తప్పేటి?" అంది గున్నమ్మ. అని రెండో చెయ్యి చాపింది.

ముందు లేబుళ్ళు కొట్టింది. మూడు లేబుళ్ళు, మూడింటి మీదా పేరూ, బార్‌కోడూ నిండుగా. వాటిని బల్ల మీద వరసగా పెట్టి, అప్పుడు నరం కోసం వెతికింది. వేలితో మోచెయ్యంతా, ముంజెయ్యంతా, వేడినీళ్ళలో తడిపిన గుడ్డ పెట్టి మరీ వెతికింది. బొటనవేలి పక్కన, ఎవరూ చూడని చోట, ఒక సన్నటి నరం వేలికి తగిలింది. ఒక్క సూది. గొట్టంలోకి రక్తం ఎర్రగా దిగింది.

మూడో గొట్టం నిండాక సూది తీసి, దూది అదిమిపట్టి, కళ్ళజోడు సవరించుకుంది.

"మీ పేరు చెప్పండి."

"గున్నమ్మ," అంది ముసలావిడ, బళ్ళో పిల్లలా.

పదకొండింటికి రవిశంకర్ వచ్చి పెట్టె తీసుకెళ్ళాడు. తిరుమలరావు రెండో రక్తం కూడా అందులోనే వెళ్ళింది. ఆయన వెళ్ళేముందు సొరుగులోంచి కుంకుమ గిన్నె తీయించి, ప్రింటరు మూత మీద, బయట, మధ్యలో తానే బొట్టు పెట్టాడు.

సాయంత్రం అయిదున్నరకి గున్నమ్మ రిపోర్టు వచ్చింది. ఫోనులో మనవరాలికి పంపితే సరిపోయేది. భాగ్యరేఖకి అది చాలదనిపించింది. పక్క మందుల దుకాణంలో పెద్ద కాగితం మీద అచ్చు తీయించి, సెంటరుకి తాళం వేసి, రెండు సందులు దాటి నడిచింది. గున్నమ్మ గుమ్మంలో, మడత కుర్చీలో, వాచిన కాళ్ళు ఎత్తుపీట మీద పెట్టుకుని కూర్చుని ఉంది.

భాగ్యరేఖని చూడగానే ముసలావిడ మెల్లగా రెండు చేతులూ కొంగు కిందకి లాక్కుంది.

భాగ్యరేఖ సందులోనే ఆగిపోయింది. రిపోర్టు చంకలో పెట్టుకుని, ఖాళీ చేతులు రెండూ చాపి చూపించింది.

"ఏటీ లేదు పెద్దమ్మా. సూది లేదు. రక్తం చేరింది, రిపోర్టు వచ్చీసింది, నీ పేరు మీదే. ఇంక డాక్టరుకి చూపించి మందు మార్పించుకోడమే."

గున్నమ్మ ఆ చేతుల్ని ఇటూ అటూ చూసింది. కొంగు కదిలింది. కమిలిన చెయ్యే ముందు బయటికొచ్చింది, భాగ్యరేఖ వేళ్ళు పట్టుకుని పక్కనున్న పీట మీదకి లాగింది.

"కూకో. సాయ్ ఎట్టిస్తాను," అంది.